పరీక్షలయ్యాక ఊరెళ్లి వచ్చేసరికి రాత్రి 9:50 అయింది, వార్డెన్ మేడమ్‌కు కాగితం ఎలా రాయాలి?

గోదారి అవతల (చర్చ మొదలుపెట్టినవారు), సోమవారం ఉదయం 7:10

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను, కాలేజీ హాస్టల్లో ఉంటాను. మాది చర్ల మండలంలో ఒక పల్లె. 9వ తేదీన సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి. సంక్రాంతికి ఊరెళ్లి నిన్న ఆదివారం తిరిగొచ్చాను. ఔట్ పాస్‌లో రాత్రి 8 గంటల లోపల రావాలని ఉంది. నేను గేటు దగ్గరికి వచ్చేసరికి 9:50 అయింది. వార్డెన్ మేడమ్ లోపలికి రానిచ్చారు కానీ చాలాసేపు బయట నిలబెట్టారు. ఈ రోజు సాయంత్రంలోపు రాతపూర్వకంగా వివరణ ఇవ్వమన్నారు. అది సరిగ్గా లేకపోతే వచ్చే నెల ఔట్ పాస్ ఉండదట.

రాత్రి నిద్ర పట్టక ఇలా రాసుకున్నాను. చదివి చెప్పండి.

"గౌరవనీయులైన వార్డెన్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఆర్యా, నేను సెమిస్టర్ పరీక్షలు ముగిసిన తరువాత పండుగకు మా ఊరు వెళ్లితిని. తిరుగు ప్రయాణంలో అనివార్య కారణముల వలన, ట్రాఫిక్ వలన, బస్సులు లేకపోవుట వలన ఆలస్యమైనది. ఇందులో నా తప్పు ఏమియు లేదు. కావున దయతో నన్ను మన్నించగలరు. ఇకపై ఎప్పుడూ ఇలా జరగదని హామీ ఇస్తున్నాను. ఇట్లు, తమ విధేయురాలు."

ఇది సరిపోతుందా? ఇంకా ఏమైనా కలపాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

వాకిట్లో ముగ్గు, 7:32

కంగారు పడకు అమ్మా. సెలవు చీటీలో ఎన్ని రోజులు కావాలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో స్పష్టంగా రాయాలి. ఒంట్లో బాగోలేదని రాస్తే డాక్టర్ చీటీ జతచేయాలి. మా అమ్మాయి ఇంటర్లో ఉన్నప్పుడు నేనే రాసిచ్చేదాన్ని. కింద నాన్నగారి సంతకం ఉంటే చాలు, ఇచ్చేస్తారు.

గోదారి అవతల, 7:40

ఆంటీ, నేను అడిగేది సెలవు కాదు. వెళ్లి వచ్చేశాను కూడా. ఆలస్యంగా వచ్చినందుకు వివరణ రాయాలి.

ఖమ్మం కుర్రాడు, 7:55

నీ కాగితంలో ఆధారం లేదు, అదే లోపం. నోటి మాట ఎవరూ నమ్మరు. టికెట్ జతచెయ్యి. నువ్వు ఫ్రీ బస్సులో వచ్చి ఉంటే మాత్రం జీరో టికెట్ పనికిరాదు, దాని మీద సున్నా తప్ప ఏమీ ఉండదు. అప్పుడు డిపోకి వెళ్లి బస్సు ఆలస్యమైందని మేనేజర్ దగ్గర కాగితం తెచ్చుకోవాలి. నిన్న విజయవాడ హైవే మీద రద్దీ గురించి పేపర్లో వస్తే ఆ ముక్క కూడా కత్తిరించి పెట్టు.

పాత వార్డెన్, 8:20

అమ్మాయీ, నేను ఆడపిల్లల హాస్టళ్లలో 19 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి కాగితాలు ఎన్ని చదివానో లెక్కలేదు. నీ కాగితం ఆ సీట్లో కూర్చున్న మనిషికి ఎలా కనిపిస్తుందో చెబుతాను, నొచ్చుకోకు.

వార్డెన్ ముందు నీ కాగితం చదవదు. గేటు దగ్గరి రిజిస్టర్ తెరుస్తుంది. అందులో 9:50 అని, పక్కన నీ సంతకం ఉంటాయి. తర్వాత ఔట్ పాస్ పుస్తకం తీసి 8 గంటలు అని చూస్తుంది. ఆ రెండూ పక్కన పెట్టుకుని అప్పుడు నీ కాగితం చదువుతుంది. నీ కాగితంలో ఒక్క గంట కూడా లేదు. ఎప్పుడు బయల్దేరావో, ఎప్పుడు చేరావో, ఎంత ఆలస్యమైందో ఏదీ లేదు. "అనివార్య కారణాలు" అన్న మాట కనబడగానే, ఈ పిల్ల ఏదో దాస్తోంది అనిపిస్తుంది. నాకైతే అలాగే అనిపించేది.

ఇంకొకటి. "నా తప్పు ఏమియు లేదు" అన్నావు, ఆ వెంటనే "మన్నించగలరు" అన్నావు. తప్పు లేకపోతే మన్నించడానికి ఏముంది? రెండిట్లో ఏది నిజమో నువ్వే తేల్చుకుని రాయాలి. మీ వార్డెన్ ఆడమనిషి కదా, "ఆర్యా" అని కూడా రాయకు. చూసి రాసిన కాగితమని ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది. "మేడమ్" అంటే చాలు.

ఇప్పుడు నాకు చెప్పు. ఇంట్లో ఎన్నింటికి బయల్దేరావు? ఎన్ని బస్సులు మారావు? ఆలస్యమవుతుందని నీకు మొదటిసారి ఎక్కడ అనిపించింది? అప్పుడు హాస్టల్‌కు చెప్పావా?

గోదారి అవతల, 8:48

మేడమ్, నొచ్చుకోవడం ఏమీ లేదు. గుర్తున్నంత వరకు రాస్తాను.

ఊరి నుంచి ఆటోలో చర్ల వచ్చి 6:40కి పల్లెవెలుగు ఎక్కాను. భద్రాచలం వచ్చేసరికి 8:35. అక్కడ 9:10కి ఖమ్మం ఎక్స్‌ప్రెస్ దొరికింది, ఖమ్మంలో 12:25కి దిగాను. ఖమ్మం బస్టాండ్‌లో మాత్రం జనం విపరీతంగా ఉన్నారు. అందరూ పండగ అయ్యాక తిరిగి వెళ్లేవాళ్లే. రెండు ఎక్స్‌ప్రెస్‌లు వచ్చాయి, కాలు పెట్టే చోటు లేదు. మూడోదాంట్లో 2:20కి ఎక్కాను, సూర్యాపేట దాకా నిలబడే ఉన్నాను. మామూలుగా ఖమ్మం నుంచి ఎల్బీ నగర్‌కు నాలుగున్నర గంటలు పడుతుంది. నిన్న చౌటుప్పల్ దగ్గర టోల్ గేటుకు చాలా ముందు నుంచే వాహనాలు ఆగిపోయాయి. ఎల్బీ నగర్‌లో దిగేసరికి 8:50. అక్కడి నుంచి మెట్రో, తర్వాత కొంచెం నడక. గేటు దగ్గర 9:50.

ఆ రద్దీలో బస్సు ఆగినప్పుడు 7:30కి వార్డెన్ మేడమ్‌కు ఫోన్ చేశాను, ఎత్తలేదు. 7:34కి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. ఫోన్‌లో చార్జింగ్ తక్కువగా ఉందని మళ్లీ చేయలేదు. నా రూమ్మేట్‌కు చెబితే తను కిందికి వెళ్లి ఆయాతో చెప్పింది.

మూడు బస్సులూ జీరో టికెట్ మీదే. ఆ టికెట్లు బ్యాగులో ఉన్నాయి.

చెరువుగట్టు టీచర్, 9:05

ఖమ్మం కుర్రాడు గారూ, ఒక సవరణ. నేను రోజూ ఎక్స్‌ప్రెస్‌లో బడికి వెళ్లే దాన్ని. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైన నాటి నుంచి జీరో టికెట్ తీసుకుంటూనే ఉన్నాను. దాని మీద సున్నా ఒక్కటే ఉంటుందనడం సరికాదు. మామూలు టికెట్‌లాగే తేదీ, కొట్టిన సమయం, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది ఉంటాయి. అదీ అదే మిషన్‌లోంచి వచ్చేదే. పాపా, ఆ మూడు టికెట్లూ జాగ్రత్తగా తీసి పెట్టుకో.

ముందుగా వాటిని ఫోన్‌తో ఫోటో తీసుకో. ఆ కాగితం వేడి తగిలితే నల్లబడుతుంది, కొన్నాళ్లు పర్సులో ఉంటే అక్షరాలు మాసిపోతాయి. నేను ఒకసారి ప్లాస్టిక్ కవర్లో దాచుకుంటే నెల తిరిగేసరికి తెల్లకాగితం మిగిలింది.

ఖమ్మం కుర్రాడు, 9:14

సరే, టికెట్ మీద సమయం ఉంటుందంటే ఒప్పుకుంటాను, నేను ఎప్పుడూ చూడలేదు. మరి అప్పుడు మిగతావి అవసరమే లేదు కదా? టికెట్లు పెడితే ఆలస్యం రుజువైపోయినట్టే.

పాత వార్డెన్, 9:30

బాబూ, అక్కడే చాలామంది పొరపడతారు. టికెట్ మీద ఉండేది ఎక్కిన సమయం. దిగిన సమయం కాదు. ఖమ్మంలో 2:20కి ఎక్కిన పిల్ల 6:50కి ఎల్బీ నగర్‌లో దిగి, రెండు గంటలు స్నేహితురాలి ఇంట్లో కూర్చుని వచ్చిందని ఎవరైనా అంటే, బస్సు టికెట్ దానికి జవాబు చెప్పలేదు. ఈ అమ్మాయి అలా చేసిందని కాదు, వార్డెన్ బుర్రలో వచ్చే ప్రశ్న అది. ఒకరిద్దరు పిల్లలు నా దగ్గర అలా చేసినవాళ్లే కాబట్టి ఆ అనుమానం వస్తుంది.

పేపర్ ముక్క కూడా అంతే. రోడ్డు మీద రద్దీ ఉందని అది చెబుతుంది. ఈ పిల్ల ఆ రద్దీలో ఉందని చెప్పదు. ఇక డిపో మేనేజర్ కాగితం కోసం ఈ రోజు మళ్లీ ఖమ్మం వెళ్తుందా? సాయంత్రంలోపు ఇవ్వాల్సిన వివరణకు అలాంటివి పెట్టుకోకూడదు.

అమ్మాయీ, మెట్రో టికెట్ ఎలా తీసుకున్నావు? ఫోన్‌లోనా, కౌంటర్లోనా?

గోదారి అవతల, 9:41

ఫోన్‌లోనే తీసుకున్నాను మేడమ్. ఇప్పుడే చూశాను, ఎల్బీ నగర్ నుంచి అని ఉంది, తీసుకున్న సమయం 8:56 అని ఉంది.

పాత వార్డెన్, 9:52

అదే నీకు కావలసింది. ఎల్బీ నగర్‌లో 8:56కి ఉన్నావని అది చెబుతుంది. ఖమ్మంలో బస్సెక్కిన సమయం ఒక చివర, ఇది ఇంకో చివర. మధ్యలో ఆరున్నర గంటలు బస్సులోనే ఉన్నావని ఎవరికైనా అర్థమవుతుంది. 7:30కి ఫోన్ చేసినట్టు నీ కాల్ లిస్టులో ఉంటుంది. ఆ మూడూ చాలు, ఇంకేమీ వెతకకు.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు రాసిన గంటలే నేను కూడి చూశాను. ఖమ్మంలో 2:20కి ఎక్కావు. రద్దీ లేకుండా నాలుగున్నర గంటలైతే ఎల్బీ నగర్ 6:50. అక్కడి నుంచి నిన్న నీకు గంట పట్టింది. అంటే అంతా సవ్యంగా జరిగినా 7:50కి చేరేదానివి. చేతిలో ఉన్నది 10 నిమిషాలు. పండగ తర్వాతి ఆదివారం హైదరాబాద్ వైపు వచ్చే రోడ్డు మీద 10 నిమిషాలు ఏ మూలకు? నీకు ఆలస్యం తెలియాల్సింది చౌటుప్పల్లో కాదు. మధ్యాహ్నం 2 గంటలకు ఖమ్మం బస్టాండ్‌లో, రెండో బస్సు కూడా వదిలేసినప్పుడే తెలియాలి.

ఫోన్ అప్పుడు చేయాల్సింది. "మేడమ్, ఖమ్మంలో బస్సు దొరకలేదు, 8 దాటొచ్చు" అని అప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే నిన్న రాత్రి గేటు దగ్గర నిలబడే పని ఉండేది కాదేమో. వార్డెన్‌కు కోపం తెప్పించేది ఆలస్యం కాదమ్మా. 8 దాటాక ఒక పిల్ల లెక్కకు రాకపోతే, ఎక్కడుందో తెలియకపోతే, ఆ గంట ఆమెకు ఎలా గడుస్తుందో నాకు తెలుసు. ఇంటికి ఫోన్ చేస్తే అక్కడ ఎత్తకపోతే మరీ భయం.

గోదారి అవతల, 10:10

మేడమ్, మీరు చెప్పింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నిజంగానే ఖమ్మంలో నాకు అనిపించింది. ఎలాగోలా 8 లోపల చేరిపోతానులే, అనవసరంగా చెప్పి తిట్టించుకోవడం ఎందుకు అనుకున్నాను.

వార్డెన్ మేడమ్ 8:30కి మా అమ్మకు ఫోన్ చేశారట. మా ఊళ్లో సిగ్నల్ ఇంటి వెనక గట్టు మీద మాత్రమే వస్తుంది. ఫోన్ కలవలేదు. అందుకే అంత కోపం వచ్చిందేమో.

ఓరుగల్లు నాన్న, 10:25

నా కూతురు హనుమకొండలో హాస్టల్లో ఉంటుంది. నేను తండ్రిగా చెబుతున్నాను. గేటు దగ్గర నిలబెట్టారని బాధపడొద్దు తల్లీ, ఎవరూ అడగని హాస్టల్లో మా పిల్లను ఉంచాలంటే నాకు నిద్ర పట్టదు.

నీ కాగితంలో ఒక విషయం తప్పకుండా పెట్టు. అమ్మ ఫోన్ కలవదు కాబట్టి రెండో నంబర్ ఇవ్వు. చర్లలోనో భద్రాచలంలోనో సిగ్నల్ ఉండే చోట ఉన్న బాబాయిదో మేనమామదో ఉంటే, హాస్టల్ ఫారంలో రాయించు. మా అమ్మాయి చేరినప్పుడు నా ఒక్కడి నంబరే ఇచ్చాను. నేను డ్యూటీలో ఉంటే ఫోన్ లాకర్లో ఉంటుంది. ఒకసారి పిల్లకు జ్వరం వచ్చి వాళ్లు నాలుగు గంటలు నా కోసం ప్రయత్నించారు. ఆ తర్వాతే మా తమ్ముడి నంబర్ ఇచ్చాను.

సిక్కోలు నుంచి తిరుపతి, 10:40

నాది దీనికి తిరగబడ్డ సమస్య. నేను తిరుపతిలో పీజీ చేస్తున్నాను, మాది శ్రీకాకుళం జిల్లా. పరీక్షలు అయ్యాక ఇంటికెళ్లి వస్తే బస్సు తెల్లవారుజామున 3:30కి దింపుతుంది. హాస్టల్ గేటు 5:30కి గానీ తీయరు. రెండు గంటలు బస్టాండ్‌లో బ్యాగు మీద కూర్చుంటాను. ఔట్ పాస్‌లో ముందు రోజు రాత్రి అని రాసి ఉంటుంది కాబట్టి, తెల్లారి వచ్చానని రిజిస్టర్లో నాకూ ఆలస్యమే పడుతుంది. ఇప్పటికి మూడుసార్లు ఇంటర్నెట్‌లో దొరికిన ఒకే కాగితాన్ని తేదీ మార్చి ఇచ్చాను. మూడోసారి వార్డెన్ సార్ పాత రెండూ తీసి పక్కన పెట్టి చూపించారు. మాట్లాడలేకపోయాను. నేనేం రాయాలో కూడా ఎవరైనా చెబుతారా?

పాత వార్డెన్, 10:58

బాబూ, నీకు వివరణ కాగితం అవసరం లేదు. బయల్దేరే ముందే ఔట్ పాస్‌లో తిరిగి వచ్చే సమయం "మర్నాడు ఉదయం 6 గంటలు" అని రాయించుకో. బస్సు ఎన్నింటికి చేరుతుందో నీకు ముందే తెలుసు కదా. మీ హాస్టల్లో అలా రాస్తారో లేదో నాకు తెలియదు, వెళ్లి అడుగు.

కామర్స్ సెకండియర్, 11:05

గోదారి అక్కా, ఒక సందేహం. రిజర్వేషన్ ఉండే సూపర్ లగ్జరీలో వచ్చి ఉంటే ఖమ్మంలో ఆగే పనే ఉండేది కాదు కదా అని వార్డెన్ అడిగితే ఏం చెబుతావు? మా హాస్టల్లో మా ఫ్రెండ్‌ను సరిగ్గా అదే అడిగారు.

గోదారి అవతల, 11:20

అడిగారు. నిన్న గేటు దగ్గరే అడిగారు. నేనేమీ చెప్పలేదు. ఫ్రీ ప్రయాణం పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో మాత్రమే. వాటికి ముందుగా సీటు రిజర్వ్ చేసుకునే వీలు నాకు కనిపించలేదు. సూపర్ లగ్జరీకి డబ్బులు పెట్టాలి. పరీక్ష ఫీజు కట్టాక నాన్న దగ్గర అప్పటికే ఏమీ మిగల్లేదు. పండగకు నేను అడగలేకపోయాను. ఇది కాగితంలో రాయాలా వద్దా అన్నది నాకు తెలియడం లేదు.

చెరువుగట్టు టీచర్, 11:31

రాయి పాపా. అందులో దాచుకోవాల్సింది ఏముంది? ఆ బస్సే ఎందుకు ఎక్కావో చెప్పకపోతే నీ ప్రయాణం మొత్తం ఎవరికీ అర్థం కాదు. ఆ పథకం వచ్చింది నీలాంటి పిల్లల కోసమే.

కామర్స్ సెకండియర్, 11:38

నేనైతే రాయను టీచర్ గారూ. ఆ కాగితం వార్డెన్ ఒక్కరే చదవరు. ఆఫీసులో క్లర్క్ ఫైల్లో పెడతారు, అటెండెన్స్ చూసే సీనియర్ అక్కలు చదువుతారు. మా హాస్టల్లో ఒకమ్మాయి ఇంట్లో పరిస్థితి రాస్తే ఏడాది పొడవునా ఆ మాట ఆమె వెనక తిరిగింది. డబ్బు లేదన్న మాట ఒకసారి కాగితం మీద పడితే వెనక్కి తీసుకోలేం.

పాత వార్డెన్, 11:55

ఇద్దరి మాటలోనూ నిజముంది. నాకు తెలిసినంతలో, నాన్నగారి జేబు సంగతి రాయకుండానే ప్రయాణం అర్థమయ్యేలా చెప్పవచ్చు. "మూడు బస్సులు మారి, ఉచిత ప్రయాణం ఉన్న ఎక్స్‌ప్రెస్‌లలో వచ్చాను. వాటిలో నాకు రిజర్వేషన్ దొరకలేదు" అని రెండు వాక్యాలు. చదివే మనిషికి మిగతాది తెలుస్తుంది. ఇంకా అడిగితే నోటితో చెప్పు. కాగితం మీద వద్దు.

చెరువుగట్టు టీచర్, 12:02

నాకు మాత్రం ఇంకా తృప్తిగా లేదు. పిల్ల తప్పు చేసినట్టు తలవంచుకుని రాయాల్సిన విషయం కాదిది. కానీ ఆ హాస్టల్లో ఉండాల్సింది తను కాబట్టి తన ఇష్టం.

ఓరుగల్లు నాన్న, 12:10

తెలుగులో రాయొచ్చా, ఇంగ్లీషులో రాయాలా? మా అమ్మాయి కాలేజీలో ఇంగ్లీషు కాగితమే తీసుకుంటారు.

గోదారి అవతల, 12:18

మా మేడమ్ తెలుగైనా తీసుకుంటారు. ఔట్ పాస్ కూడా తెలుగులోనే రాస్తాం. నాకు తెలుగులో అయితే తప్పులు లేకుండా రాయగలనని నమ్మకం.

క్లాస్ అయ్యాక లైబ్రరీలో కూర్చుని మళ్లీ రాశాను. ఇది చూడండి.

"వార్డెన్ మేడమ్ గారికి,

విషయం: 18వ తేదీ ఆదివారం రాత్రి హాస్టల్‌కు ఆలస్యంగా చేరడం గురించి.

మేడమ్,

నేను బీఎస్సీ రెండో సంవత్సరం విద్యార్థినిని, 214వ గదిలో ఉంటున్నాను. సెమిస్టర్ పరీక్షలు అయిన తర్వాత 10వ తేదీ ఉదయం నుంచి 18వ తేదీ రాత్రి 8 గంటల వరకు ఔట్ పాస్ తీసుకుని చర్ల మండలంలోని మా ఊరికి వెళ్లాను. 18న రాత్రి 9:50కి గేటు దగ్గరికి చేరాను. గంటా 50 నిమిషాలు ఆలస్యంగా వచ్చాను.

ఆ రోజు ఉదయం 6:40కి చర్లలో బయల్దేరి భద్రాచలంలో, ఖమ్మంలో బస్సులు మారాను. ఉచిత ప్రయాణం ఉన్న ఎక్స్‌ప్రెస్‌లలో వచ్చాను. వాటిలో నాకు రిజర్వేషన్ దొరకలేదు. ఖమ్మంలో పండగ రద్దీ వల్ల రెండు బస్సులు ఎక్కలేక 2:20కి మూడో బస్సు ఎక్కాను. చౌటుప్పల్ దగ్గర వాహనాలు ఆగిపోవడంతో ఎల్బీ నగర్‌లో 8:50కి దిగాను. వెంటనే మెట్రో ఎక్కి వచ్చాను.

ఖమ్మంలో 2 గంటలకే ఆలస్యం కావచ్చని నాకు తెలిసింది. అప్పుడే మీకు ఫోన్ చేయాల్సింది, చేయలేదు. 7:30కి చేశాను, 7:34కి మెసేజ్ పెట్టాను. మీరు మా ఇంటికి చేసిన ఫోన్ కూడా కలవకపోవడంతో మీరు కంగారు పడ్డారు. నేను ముందుగా చెప్పకపోవడం వల్ల ఇలా జరిగింది. అందుకు క్షమించండి.

మా ఊళ్లో సిగ్నల్ సరిగ్గా ఉండదు. భద్రాచలంలో ఉండే మా మేనమామ నంబర్ కింద రాశాను. దాన్ని నా ఫారంలో చేర్చండి. ఇకపై ఊరి నుంచి వచ్చేటప్పుడు ఖమ్మంలో బస్సెక్కగానే మీకు మెసేజ్ పెడతాను.

మూడు బస్సు టికెట్లు, మెట్రో టికెట్ కాపీ జతచేశాను."

పాత వార్డెన్, 12:40

ఇది ఎవరి దగ్గరా చూసి రాసినట్టు లేదు, నీ కాగితంలా ఉంది. "ఇకపై ఎప్పుడూ ఇలా జరగదు" అన్న మాట తీసేయడం మంచిదైంది. రోడ్డు మీద రద్దీ నీ చేతిలో లేదు, దానికి నువ్వు హామీ ఇవ్వలేవు. ఖమ్మం నుంచి మెసేజ్ పెట్టడం నీ చేతిలో ఉంది.

ఒక్క మార్పు. "మీరు కంగారు పడ్డారు" అని రాయకు. ఆమె మనసులో ఏముందో నువ్వు చెప్పినట్టు ఉంటుంది. "నేను ఎక్కడున్నానో మీకు తెలియలేదు" అను, చాలు. తేదీ, రోల్ నంబర్, సంతకం మర్చిపోకు. అసలు టికెట్లు నీ దగ్గరే ఉంచుకుని జిరాక్సులు ఇవ్వు. ఇచ్చే ముందు కాగితం మొత్తానికి ఫోటో తీసుకో.

ఖమ్మం కుర్రాడు, 12:51

ఖమ్మంలో ఆలస్యం తెలిసినా చెప్పలేదని స్వయంగా రాసివ్వడం ప్రమాదం కాదా? ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఫైన్ వేస్తే? ఆమె అడగని తప్పు మనమే ఎందుకు ఒప్పుకోవాలి?

పాత వార్డెన్, 1:15

వేయవచ్చు బాబూ, వేయరని నేను చెప్పలేను. కానీ టికెట్ మీద 2:20 ప్రాంతపు సమయం కనిపిస్తూనే ఉంది. నేను కూడిన లెక్కే ఆమె కూడా కూడుతుంది. ఆమె పట్టుకున్నాక ఒప్పుకోవడం కన్నా ముందే రాయడం నయమని నా అనుభవం.

గోదారి అవతల, సోమవారం రాత్రి 9:05

అందరికీ ఏమైందో చెప్పాలి కదా. సాయంత్రం 5 గంటలకు ఇచ్చాను. మేడమ్ నిజంగానే ముందు రిజిస్టర్ తీశారు. తర్వాత టికెట్ల జిరాక్సులు ఒక్కొక్కటి చూసి, ఖమ్మం టికెట్ మీద ఉన్న సమయం కింద పెన్నుతో గీత గీశారు. నా కాగితం మొత్తం చదివారు. ఖమ్మం వాక్యం దగ్గర ఆగి, "ఇది నువ్వు రాశావు కాబట్టి సరిపోయింది, లేకపోతే నేనే అడిగేదాన్ని" అన్నారు. సూపర్ లగ్జరీ మాట మళ్లీ ఎత్తలేదు.

మేనమామ నంబర్‌ను నా ముందే ఫారంలో రాసుకుని, ఒకసారి ఫోన్ చేసి చూశారు కూడా. మామయ్య ఎత్తాడు. ఫైన్ వేయలేదు. కానీ వచ్చే నెల ఔట్ పాస్ సంగతి ఇంకా తేల్చలేదు. నాన్న సంతకంతో ఒక కాగితం కావాలన్నారు. నాన్నకు చదువు రాదు, వేలిముద్ర వేస్తాడు. ఊరి నుంచి అది తెప్పించడానికి కనీసం వారం పడుతుంది. వేలిముద్ర పక్కన సాక్షి సంతకం ఎవరిది ఉండాలో మేడమ్ చెప్పలేదు, నేనూ అడగలేకపోయాను.

చెరువుగట్టు టీచర్, 9:20

ఊళ్లో బడి ఉంటే అక్కడి టీచర్ గారిని అడుగు పాపా, మా దగ్గరికి వచ్చేవాళ్లకు మేం పెడుతుంటాం. అయినా రేపు ఉదయం మేడమ్‌ను ఒకసారి అడిగి నిర్ధారించుకో.

సిక్కోలు నుంచి తిరుపతి, 9:34

పాత వార్డెన్ గారూ, మా హాస్టల్ ఆఫీసులో అడిగాను. "మర్నాడు ఉదయం" అని రాయడం కుదరదట, ఔట్ పాస్ పుస్తకంలో ఆ గడి లేదట. మెస్ లెక్క ముందు రోజు రాత్రికే మూసేస్తారట. వేరే దారి ఏమైనా ఉందా?

పాత వార్డెన్, 9:50

మెస్ లెక్క కారణమైతే, రాత్రి భోజనం వద్దని ముందే రాసిస్తే ఒప్పుకునే అవకాశం ఉంది. ఆ మాట కూడా చెప్పి మళ్లీ అడుగు. ఏమన్నారో ఇక్కడ రాయి.